కుర్చీ వీపున ఎన్ని కన్నాలు?

ఇంకా కట్టని గదిని కంప్యూటర్‌లో కట్టి, అందులో వెలుతురు పెట్టి, ఫొటో తీసినట్టు చూపించే బొమ్మను రెండర్ అంటారు. ఆ బొమ్మలో సోఫా గుడ్డ నేత కాస్త పెద్దదైనా చిన్నదైనా ఎవరూ పట్టించుకోరు. పేము కుర్చీ అల్లిక కొలత తప్పితే మాత్రం చూసినవాళ్లకు వెంటనే తేడా కొడుతుంది. ఏమిటో చెప్పలేరు కానీ, కుర్చీ బొమ్మలకొలువులోంచి తెచ్చి పెట్టినట్టుందంటారు. ఎత్తు, వెడల్పు, కాళ్ల మందం టేపు పెట్టి చూసినా సరిగ్గానే ఉంటాయి. తప్పు అల్లికలో ఉంటుంది.

కారణం తేలికైనదే. కేన్ కుర్చీ కన్నం ఎంత ఉంటుందో చిన్నప్పటినుంచీ చూసిన కంటికి తెలుసు. ఆ కన్నంతోనే అది మిగతా కుర్చీని కొలుస్తుంది. అరచేయి వెడల్పులో ఏడెనిమిది కన్నాలు ఉండాల్సిన చోట మూడే కనిపిస్తే, కన్నం పెద్దదని అనుకోదు, కుర్చీయే చిన్నదని అనుకుంటుంది.

ఈ తప్పు అన్నిటికన్నా ఎక్కువగా బయటపడేది సన్‌రూమ్‌లో. చలి దేశాల్లో ఇంటికి ఆనించి, మూడు వైపులా అద్దాలతో, ఎండ లోపలికి రావాలనే కట్టుకునే గది అది. బ్రిటన్‌లో దాన్నే కన్సర్వేటరీ అంటారు. అక్కడ వేసే సామాను చాలావరకు పేము, వికర్, రాటన్ రకాలే. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఇళ్లకు రెండర్లు చేసి పంపే కుర్రాళ్లకు ఈ గది తరచూ తగులుతుంది. ఎండ నేరుగా పడుతుంది కాబట్టి అల్లికలో ప్రతి పట్టీకి నీడ ఉంటుంది, ప్రతి కన్నం గుండా వెలుగు నేల మీద పడుతుంది. మామూలు హాల్లో దాగే తప్పు ఇక్కడ దాగదు.

ఒకే తీగ, మూడు పనులు

రాటన్ అనేది అడవిలో చెట్లను పట్టుకుని పాకే తాటిజాతి తీగ. మన పేము ఈ కుటుంబంలోదే. వెదురులా లోపల బోలుగా ఉండదు, నిండుగా ఉంటుంది. ఆ తీగను యథాతథంగా వంచితే కుర్చీ చట్రం అవుతుంది. దాని పైతోలును పలచని పట్టీలుగా చీరితే కేన్ అవుతుంది. తోలు తీశాక మిగిలిన లోపలి భాగాన్ని గుండ్రని పుల్లలుగా తీస్తే బుట్టల్లా అల్లడానికి పనికొస్తుంది. వికర్ అన్నది ఆ అల్లే పద్ధతి పేరు. అది విల్లో పుల్లతోనూ చేస్తారు, ప్లాస్టిక్ పట్టీతోనూ చేస్తారు.

రెండర్ చేసేవాళ్లకు ఈ తేడా ఎందుకంటే, మూడింటికీ కొలతలు వేరు. చట్రం కర్ర సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్ల లావుంటుంది. దాని మీద అల్లిక ఉండదు. కీలు దగ్గర మాత్రం పట్టీ చుట్టి ఉంటుంది. బుట్ట అల్లికలో పుల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, వరసలు ఒకదాని మీద ఒకటి బిగిసి ఉంటాయి, అవతలివైపు దాదాపు కనపడదు. కేన్ జాలీ పట్టీ రెండున్నర మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాని గుండా అవతలి గోడ కనిపిస్తుంది. అల్లిక బొమ్మ ఒకటి డౌన్‌లోడ్ చేసి కుర్చీ మొత్తానికి పూసేస్తే, చట్రం కర్ర మీద కూడా అల్లిక వస్తుంది. అలాంటి కుర్చీ ప్రపంచంలో ఎక్కడా లేదు. కాబట్టి ముందు కుర్చీని మూడు ముక్కలుగా విడదీసి, దేనికి ఏ మెటీరియల్ అని తేల్చుకోవాలి.

ఈ మూడింటిలో తప్పు ఎక్కువగా జరిగేది కేన్ జాలీలో కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

జాలీ ఎలా అల్లుతారు

1859లో థోనెట్ కంపెనీ తెచ్చిన 14వ నంబరు కేఫ్ కుర్చీ సీటు, 1928లో మార్సెల్ బ్రాయర్ గీసిన ఉక్కు గొట్టాల కుర్చీ సీటు, వీపు, 1950లలో చండీగఢ్ కోసం పియర్ జాన్నరే బృందం చేసిన టేకు కుర్చీలు అన్నీ ఈ జాలీకి ప్రసిద్ధి. అందులో నిలువుగా జంట పట్టీలు, అడ్డంగా జంట పట్టీలు, వాటి మీద మూల నుంచి మూలకు రెండు దిక్కుల్లో ఒంటి పట్టీలు ఉంటాయి. మూల పట్టీల్లో ఒక దిక్కువి నిలువు జంటల మీదుగా, అడ్డ జంటల కిందుగా సాగితే, రెండో దిక్కువి దానికి తిరగబడి సాగుతాయి. ఇవి మూలలు కోసేయడం వల్లే కన్నం ఎనిమిది పలకలుగా కనిపిస్తుంది. గుండ్రంగా పంచ్ చేసినట్టున్న కన్నాలు, పట్టీలన్నీ ఒకే మట్టంలో అతుక్కున్నట్టున్న బొమ్మ చూస్తే అది అల్లిక కాదు, అల్లికలా గీసిన బొమ్మ అని అర్థం.

చేత్తో అల్లేవాళ్లు చట్రం చుట్టూ రంధ్రాలు చేసి, వాటి మధ్య దూరాన్ని బట్టి పట్టీ వెడల్పు ఎంచుకుంటారు. రంధ్రాలు దగ్గరగా ఉంటే సన్న పట్టీ, ఎడంగా ఉంటే వెడల్పు పట్టీ. అంటే పట్టీకీ కన్నానికీ ఒక నిష్పత్తి ఉంది. కన్నం మాత్రమే పెంచి పట్టీని సన్నగా ఉంచితే జాలీ కాదు, వల అవుతుంది.

ఇప్పుడు బజారులో దొరికేది ఎక్కువగా ముందే నేసి చుట్టలుగా అమ్మే జాలీ. దాన్ని కన్నం నుంచి కన్నానికి ఉండే దూరంతో పిలుస్తారు. బాగా వాడుకలో ఉన్నది అరంగుళం రకం, అంటే 12.7 మిల్లీమీటర్లు. నీళ్లలో నానబెట్టి, చట్రం చుట్టూ ఉన్న గాడిలోకి అంచు దిగగొట్టి, పైన సన్నని పేము బద్దను జిగురుతో బిగిస్తారు. ఆరాక జాలీ బిగుసుకుంటుంది.

ఈ పని తీరు తెలిస్తే రెండర్‌లో రెండు విషయాలు వాటంతట అవే తేలిపోతాయి. మొదటిది, సీటు గుండ్రంగా ఉన్నా జాలీ గీతలు గుండ్రంగా తిరగవు. అది చదునైన గుడ్డలా చట్రం కింద తెగిపోతుంది. గీతలు సీటు మధ్యరేఖకు సమాంతరంగా ఉంటాయి. రెండోది, తెగిన అంచు ఎప్పుడూ కనపడదు, దాని మీద బద్ద ఉంటుంది. బద్ద వేయని కుర్చీలో జాలీ కర్రలోకి దూసుకుపోయినట్టు కనిపిస్తుంది.

ఒక కుర్చీ లెక్క

ఒక చేతుల కుర్చీ తీసుకుందాం. వీపు జాలీ 50 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల ఎత్తు. అరంగుళం జాలీ వేస్తే అడ్డంగా 500ను 12.7తో భాగించాలి. సుమారు 39 కన్నాలు. నిలువుగా సుమారు 30. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసుకున్నాకే కంప్యూటర్ ముట్టుకోవాలి.

ఇప్పుడు మన దగ్గరున్న టెక్స్చర్ బొమ్మలో కన్నాలు లెక్కపెట్టాలి. అడ్డంగా 16, నిలువుగా 16 ఉన్నాయనుకుందాం. అంటే ఆ చదరపు బొమ్మ నిజానికి 16 సార్లు 12.7, అంటే 203 మిల్లీమీటర్ల ముక్క. దాన్ని వీపు మీద ఒక్కసారిగా సాగదీస్తే కన్నం అడ్డంగా 31, నిలువుగా 24 మిల్లీమీటర్లు అవుతుంది. కొలతా తప్పింది, ఆకారమూ సాగింది. చాలా రెండర్లలో కనిపించేది సరిగ్గా ఇదే. మోడల్‌తో పాటు వచ్చిన టెక్స్చర్‌ను ఎవరూ లెక్కపెట్టరు.

ఉచితంగా దొరికే బ్లెండర్‌లో దీన్ని సరిచేయడం ఇలా. ముందు కుర్చీని ఎంచుకుని `Ctrl+A` నొక్కి `Scale` అప్లై చేయాలి. లేకపోతే తర్వాత వేసే లెక్క ఏదీ నిలవదు, ఎందుకంటే పైకి అర మీటరు కనిపించే వీపు లోపల్లోపల ఇంకేదో కొలతలో ఉండొచ్చు. చదునైన జాలీకి `Texture Coordinate` నోడ్‌లో `Object` వాడితే బొమ్మ ఒక్కసారికి ఒక మీటరు పరుచుకుంటుంది. మనకు 0.2032 మీటరు కావాలి. కాబట్టి `Mapping` నోడ్‌లో `Scale` విలువ ఇది:

```
1 / (16 * 0.0127) = 4.92
```

అడ్డానికీ నిలువుకూ ఇదే అంకె వేయాలి. రెండూ వేరైతే కన్నం సాగుతుంది. వీపు నిలబడి ఉంటుంది కాబట్టి బొమ్మను ఆ తలానికి తిప్పుకోవాలి. తర్వాత తెర మీద వేలు పెట్టి కన్నాలు లెక్కపెట్టండి. 39కి దగ్గరగా వస్తే సరిపోయినట్టే. 3డీఎస్ మ్యాక్స్‌లోనో స్కెచప్‌లోనో చేసేవాళ్లకు మీటలు మారతాయి కానీ, బొమ్మ నిజ కొలత 203 మిల్లీమీటర్లు అని చెప్పాల్సింది అక్కడా అదే.

కన్నాలు నిజంగా తెరిచి ఉండాలి. కొన్ని టెక్స్చర్లలో కన్నం బదులు నల్లరంగు ఉంటుంది. అద్దాల గదిలో వెనకాల తోట వెలుగు ఉండగా నల్ల చుక్కలు కనిపిస్తే పరువు పోతుంది. బొమ్మలోని పారదర్శకత సమాచారాన్ని మెటీరియల్‌లోని `Alpha`కు కలపాలి. జాలీని రెండు ముఖాల డబ్బాగా కాక ఒకే పలచని తలంగా ఉంచాలి. డబ్బాగా చేస్తే ముందు అల్లిక, వెనక అల్లిక ఒకదాని మీద ఒకటి పడి నీళ్లలో కదిలే గీతల్లాంటి వింత నమూనా వస్తుంది. ఇంకో సంగతి, కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నప్పుడు దూరపు కన్నాలు హఠాత్తుగా నల్లబడితే తప్పు టెక్స్చర్‌ది కాదు. సైకిల్స్ రెండరర్ వెలుగు కిరణాన్ని మామూలుగా 8 పారదర్శక పొరల వరకే పోనిస్తుంది. `Light Paths`లో `Transparent` అంకె పెంచితే తెరుచుకుంటాయి.

దూరాన్ని బట్టి వివరం

కొలత సరిగ్గా పెట్టాక చాలామందిని ఒక బెంగ పట్టుకుంటుంది. అల్లిక సరిగా కనపడటం లేదని కన్నం పెంచేస్తారు. ఇక్కడే పని చెడుతుంది. కనపడాలా వద్దా అన్నది మనం నిర్ణయించేది కాదు, కెమెరా దూరం నిర్ణయించేది.

లెక్క చూద్దాం. గది మొత్తం రావడానికి 24 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టామనుకుందాం. 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ మీద ఆ లెన్స్, 4 మీటర్ల దూరంలో 6 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. రెండర్ 1920 పిక్సెళ్ల వెడల్పయితే ఒక్కో పిక్సెల్ 3.1 మిల్లీమీటర్లు. అంటే కన్నం నుంచి కన్నానికి నాలుగే పిక్సెళ్లు, పట్టీకి ఒక పిక్సెల్ కూడా రాదు. ఈ స్థితిలో జాలీ ఒక లేత తేనెరంగు తెరలా, కాస్త చుక్కలు చుక్కలుగా కనిపించడమే న్యాయం. నిజం కెమెరాతో తీసినా అలాగే వస్తుంది. మెలికల గీతలు కనిపిస్తుంటే శాంపిళ్లు పెంచాలి, లేదా రెండర్ 3840 పిక్సెళ్లకు చేయాలి. అప్పుడు కన్నానికి ఎనిమిది పిక్సెళ్లు వస్తాయి, అల్లిక పోలిక తెలుస్తుంది. గింజలు తుడిచే డీనాయిజర్ కూడా ఈ సన్నని నమూనాను మరక అనుకుని చెరిపేస్తుంది. అందుకే దానికి `Albedo and Normal` సమాచారం ఇవ్వడం మేలు.

అదే కెమెరాను కుర్చీకి 80 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే కన్నానికి 20 పిక్సెళ్లు, పట్టీకి నాలుగు వస్తాయి. ఇప్పుడు చదునైన బొమ్మ చాలదు. పక్కనుంచి చూస్తే కాగితం కత్తిరించినట్టు తెలిసిపోతుంది. పట్టీలను నిజంగా మోడల్ చేయాలి. ఒక్క అల్లిక ముక్క, అంటే మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న భాగం, పట్టీలు పైకీ కిందకీ వంగేలా చేసుకుని, `Array`తో 39 సార్లు అడ్డంగా, 30 సార్లు నిలువుగా పరిస్తే చాలు. పట్టీకి తోలువైపు నునుపుగా మెరుస్తుంది, లోపలివైపు మెరుపు లేకుండా పీచుగా ఉంటుంది. కుర్చీ వెనకనుంచి తీసే బొమ్మలో ఈ తేడా పనికొస్తుంది.

మధ్య దూరాలకు ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే బంప్ సరిపోతుంది. అది కూడా నిజ కొలతలోనే ఉండాలి. పట్టీ మందం ఒక మిల్లీమీటరు కాబట్టి `Bump` నోడ్‌లో `Distance` 0.001 దగ్గర ఉండాలి. అంతకు ఎన్నో రెట్లు పెంచేస్తే పేము పట్టీలు తాళ్లలా ఉబ్బుతాయి.

బుట్ట అల్లికలో సాగేది ఒక్క దిక్కే

వికర్ కుర్చీ సంగతి వేరు. అందులో నిలువు పుల్లలు ముందుగా నిలబెట్టి, అడ్డ పుల్లను వాటి ముందూ వెనకా పోనిస్తూ చుట్టుకొస్తారు. చేతులు, వీపు బయటికి విచ్చుకునే చోట నిలువు పుల్లల మధ్య ఎడం పెరుగుతుంది. మరీ పెరిగితే మధ్యలో కొత్త పుల్ల దోపుతారు. అడ్డ పుల్ల లావు మాత్రం మొదటి వరసలో ఎంతో ఆఖరి వరసలోనూ అంతే. అది ఒకే పుల్ల కదా.

టెక్స్చర్‌ను ఆ వంపు మీద పరిచినప్పుడు కంప్యూటర్ రెండు దిక్కుల్లోనూ సాగదీస్తుంది. కింద మూడు మిల్లీమీటర్లున్న పుల్ల పైన ఐదు మిల్లీమీటర్లు అవుతుంది. కంటికి రబ్బరు తొడుగులా కనిపించేది ఇందువల్లే. టెక్స్చర్ పరుపులో అడ్డ వరసల మధ్య దూరం అంతటా ఒకటే ఉండేలా సర్దాలి. వరస పొడుగున సాగితే ఫరవాలేదు, నిజం కుర్చీలోనూ అక్కడ పుల్ల ఎక్కువ దూరం కనిపిస్తుంది.

అతుకు దగ్గర ఇంకో పరీక్ష ఉంది. ఒకటి ముందు, ఒకటి వెనక అల్లికలో నమూనా మళ్లీ మొదలవడానికి రెండు నిలువు పుల్లలు, రెండు వరసలు కావాలి. చుట్టూ తిరిగొచ్చిన టెక్స్చర్‌లో నిలువు పుల్లల సంఖ్య సరిసంఖ్య కాకపోతే, అతుకు దగ్గర రెండు పుల్లల ముందు నుంచీ ఒకేసారి వరస పోయినట్టు కనిపిస్తుంది. సంఖ్య సరిచేసి, అతుకును వెనక కాలు పక్కకు తిప్పితే సరి.

వికర్ అనిపించేదంతా పుల్ల కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1917లో అమెరికాలో మార్షల్ బర్న్స్ లాయిడ్ పేటెంట్ తీసుకున్న లాయిడ్ లూమ్ సామాను, మెలిపెట్టిన క్రాఫ్ట్ కాగితంతో మగ్గం మీద నేసింది. నిలువు పోగుల్లో ఉక్కు తీగ ఉంటుంది. అందుకే అది మరీ సమంగా, నున్నగా ఉంటుంది. అలాంటి కుర్చీ అడిగినవాళ్లకు వంకరటింకర పుల్లలు వేసిచ్చినా తప్పే.

ఎండే అసలు పరీక్ష

సన్‌రూమ్ రెండర్‌లో నేల మీద పడే జాలీ నీడను చూసి పనివాడి చేయి చెప్పొచ్చు. చాలా బొమ్మల్లో ఆ నీడ కత్తితో కోసినట్టు, కన్నం కన్నం లెక్కపెట్టేలా పడుతుంది. నిజంలో అలా పడదు. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల నీడ అంచు, అడ్డున్న వస్తువు నుంచి ఒక్కో మీటరు దూరానికి సుమారు 9 మిల్లీమీటర్ల మేర చెదురుతుంది.

సూర్యుడు 40 డిగ్రీల ఎత్తులో ఉన్నాడనుకుందాం. నేలకు 43 సెంటీమీటర్ల ఎత్తున్న సీటు నుంచి కిరణం నేలను చేరడానికి ఏటవాలుగా 67 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అంచు 6 మిల్లీమీటర్లు చెదురుతుంది. 12.7 మిల్లీమీటర్లకోసారి వచ్చే నమూనాలో అది సగం. కాబట్టి సీటు నీడలో మచ్చలు మచ్చలుగా, మెత్తగా జాలీ పోలిక కనిపిస్తుంది. వీపు పైభాగం 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కిరణం 124 సెంటీమీటర్లు రావాలి. చెదురు సుమారు 11 మిల్లీమీటర్లు దాటుతుంది, అంటే నమూనా అంత. అక్కడి నీడలో జాలీ కరిగిపోయి లేత బూడిదరంగు మాత్రమే మిగులుతుంది. లావైన చట్రం కర్రల నీడ దాని చుట్టూ ఆనవాలుగా ఉంటుంది. ఎండ కుర్చీ వెనకనుంచి వచ్చి వీపు నీడ సీటు మీదే పడితే ఇంకా అందం. సీటుకు దగ్గరగా ఉన్న అడుగు వరసల నీడ స్పష్టంగా, పైకి పోయేకొద్దీ మసకగా ఉంటుంది.

బ్లెండర్‌లో సూర్యుడి దీపానికి `Angle` 0.526 డిగ్రీలు ముందే ఉంటుంది. నీడ పదునుగా రావాలని దాన్ని సున్నా చేసేవాళ్లున్నారు. సన్‌రూమ్‌లో ఆ అంకెను ముట్టుకోకపోవడమే మంచిది. అది సరిగ్గా ఉంటే నీడే మన అల్లిక కొలతను పట్టిస్తుంది. కన్నం 31 మిల్లీమీటర్లకు సాగిన కుర్చీ అయితే వీపు నీడలో కూడా గళ్లు స్పష్టంగా పడతాయి. అలా పడ్డాయంటే మళ్లీ టెక్స్చర్ దగ్గరికి వెళ్లి కన్నాలు లెక్కపెట్టాల్సిందే.

ఇల్లు కట్టించుకునేవాళ్లకూ ఒక మాట. మీకు పంపిన సన్‌రూమ్ బొమ్మలో కేన్ కుర్చీ ఉంటే, వీపున అడ్డంగా కన్నాలు లెక్కపెట్టి, వీపు వెడల్పును ఆ సంఖ్యతో భాగించండి. సెంటీమీటరుంపావు దరిదాపుల్లో వస్తే ఆ బొమ్మ చేసినవాళ్లు కొలిచి చేశారని నమ్మొచ్చు. రెండు మూడు సెంటీమీటర్లు వస్తే, ఆ గదిలో మిగతా కొలతలు కూడా ఒకసారి అడిగి చూసుకోండి.